ఉమ్రా సఫర్‌లో హైజ్ ఆపే గోలీ: జాయజే, కానీ అంగడి కౌంటర్ మీద తేల్చే మసలా కాదు



మా ఏర్పేడు వైపు నుంచి ఎవరైనా ఉమ్రాకు బయలుదేరుతున్నారంటే ఇంట్లో మొదలయ్యే ఫిక్ర్‌లు నాకు బాగా తెలుసు. పాస్‌పోర్ట్, వీసా, డబ్బులు, ఇహ్రామ్ బట్టలు, పచ్చళ్లు. ఇవన్నీ దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని అందరూ మాట్లాడుకుంటారు. ఒక్క ఫిక్ర్ మాత్రం వంటింట్లో గుసగుసగా నడుస్తుంది: "నా డేట్ సరిగ్గా అక్కడికి పోయాక వస్తాదే, ఎట్లా?" జవాబు కూడా గుసగుసగానే వస్తుంది: "ఏం లేదు, గోలీ వేసుకో, ఆగిపోతాది." ఆ తర్వాత శౌహరో, తమ్ముడో మందుల అంగడికి పోయి "డేట్ ఆపే మాత్రలు ఇవ్వండి" అని అడిగి తెచ్చేస్తారు. ఎన్ని వేసుకోవాలి, ఎప్పుడు మొదలెట్టాలి, అసలు ఈమె వేసుకోవచ్చా అనే మూడు సవాళ్లు ఎవరూ అడగరు.

ఇది మన ఒక్కళ్ల సంగతి కాదు. తిరుమల దర్శనానికి, గృహప్రవేశానికి, పెళ్లికి, వ్రతానికి మన హిందూ బహెన్లు కూడా ఇవే మాత్రలు వాడతారు. మందుకు మజహబ్ లేదు. దాని ఫాయిదా అందరికీ ఒకటే, దాని నుక్సాన్ అందరికీ ఒకటే. అయితే మన సఫర్‌లో ఒక తేడా ఉంది. తిరుమల పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ఉమ్రా అంటే పదిహేను రోజులు, గంటల తరబడి విమానం, ఎండ, నడక. అందుకే ఈ గోలీ గురించి మనం కొంచెం ఎక్కువే తెలుసుకోవాలి.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. ఈ గోలీ వాడటం తప్పని నేను అనడం లేదు. శరీరానికి నష్టం లేకపోతే దీనికి ఇజాజత్ ఉందనే ఎక్కువమంది ఉలమా చెబుతారు. కానీ ఆ "నష్టం లేకపోతే" అనే షరత్‌ను తేల్చేది అంగడి వాడు కాదు, శౌహర్ కాదు, వదిన కాదు. సఫర్‌కు కనీసం నెల ముందు ఒక లేడీ డాక్టర్ ముందు కూర్చుని తేల్చుకోవాలి.

గోలీ లోపల ఏం చేస్తుంది

ఈ మందు పేరు నోరెథిస్టెరాన్. ప్రిమోలట్-ఎన్, రెజెస్ట్రోన్ లాంటి పేర్లతో అమ్ముతారు. మామూలుగా ఒక్కో మాత్ర 5 మిల్లీగ్రాములు.

ప్రతి నెలా గర్భసంచి లోపలి గోడ మీద ఒక మెత్తని పొర తయారవుతుంది. బిడ్డ నిలిస్తే పడుకోవడానికి పరిచిన బిస్తర్ లాంటిది అనుకోండి. అండం విడుదలైన తర్వాత ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఆ బిస్తర్‌ను పట్టి ఉంచుతుంది. గర్భం రాకపోతే ఆ హార్మోన్ తగ్గిపోతుంది. పట్టు వదిలిన పొర రాలి, ఖూన్‌తో కలిసి బయటికి వస్తుంది. అదే హైజ్.

నోరెథిస్టెరాన్ ఆ ప్రొజెస్టెరాన్‌కు నకలు. శరీరంలో అసలు హార్మోన్ తగ్గే వేళకు బయట నుంచి ఈ నకలు అందుతూ ఉంటే పొర రాలదు. మాత్ర ఆపిన రెండు మూడు రోజుల్లో పట్టు పోతుంది, హైజ్ వచ్చేస్తుంది. అంతే హిక్మత్. కాబట్టి ఈ గోలీ హైజ్‌ను రద్దు చేయదు, వాయిదా వేస్తుంది.

దీనివల్ల రెండు విషయాలు అర్థం చేసుకోవచ్చు. మొదటిది, "ఆగిన ఖరాబ్ ఖూన్ అంతా లోపలే పేరుకుపోతుంది" అని మన బూబమ్మలు భయపెడతారు కదా, అది నిజం కాదు. రాలని పొర పొరగానే ఉంటుంది, ఖూన్ ఎక్కడా నిలవ ఉండదు. రెండోది, పొర రాలడం మొదలైన తర్వాత గోలీ వేసుకుంటే అది ఆగుతుందనే భరోసా లేదు. మరక కనబడ్డాక పరుగెత్తి గోలీ తెచ్చుకునేవాళ్లు అందుకే నిరాశ పడతారు. గోడ కూలడం మొదలయ్యాక గుంజ పెట్టినట్టే అది.

లెక్క ఎలా వేయాలి

మామూలు పద్ధతి ఇది: డేట్ రావాల్సిన రోజుకు మూడు రోజుల ముందు మొదలుపెట్టి, రోజుకు మూడు సార్లు ఒక్కో 5 మిల్లీగ్రాముల మాత్ర. ఇలా పది నుంచి పద్నాలుగు రోజుల వరకు, అంతకు మించి కాదు. డాక్టర్ మీ వయసు, బరువు, ఆరోగ్యం చూసి దీన్ని మార్చవచ్చు. అందుకే నేను రాసింది చూసి అంగడికి పోవద్దు. లెక్క అర్థం కావడానికి మాత్రమే రాస్తున్నాను.

మాట వరసకు ఒక బహెన్ అనుకుందాం. ముప్పై ఏళ్ల వయసు, ఇద్దరు పిల్లలు, వేరే బీమారీ ఏదీ లేదు. ఆమెకు పోయిన మూడు నెలల్లో హైజ్ మొదలైన తేదీలు నవంబర్ 4, డిసెంబర్ 1, డిసెంబర్ 29. అంటే మధ్యలో ఒకసారి 27 రోజులు, ఒకసారి 28 రోజులు. ఈ లెక్కన తర్వాతిది జనవరి 25న గానీ 26న గానీ రావాలి. ఇలాంటప్పుడు ఎప్పుడూ ముందు తేదీనే పట్టుకోవాలి. కాబట్టి జనవరి 25.

ఇప్పుడు ఆమె గ్రూపు చెన్నై నుంచి జనవరి 22న బయలుదేరి ఫిబ్రవరి 5న తిరిగి వస్తుందనుకోండి. మొదటి తొమ్మిది రోజులు మక్కా, తర్వాత మదీనా. 25కు మూడు రోజుల ముందు అంటే 22. బయలుదేరిన రోజే మొదటి గోలీ. అక్కడి నుంచి ఫిబ్రవరి 3 వరకు వేసుకుంటే పదమూడు రోజులు, ముప్పై తొమ్మిది గోలీలు. 3న ఆపితే 5, 6 తేదీల్లో, అంటే ఇంటికి చేరే వేళకు హైజ్ వస్తుంది. పద్నాలుగు రోజుల హద్దు దాటలేదు. లేదా మక్కాలో చివరి రోజు జనవరి 30తోనే ఆపేస్తే తొమ్మిది రోజులు, ఇరవై ఏడు గోలీలతో పని అయిపోతుంది. తవాఫ్‌లన్నీ అయిపోతాయి, మదీనాలో ఫిబ్రవరి మొదటి రోజుల్లో హైజ్ వస్తుంది. తవాఫ్ కోసం ఎంత అవసరమో అంతే మందు చాలు అనుకునేవాళ్లకు రెండోది. రౌజా జియారత్ కూడా పోకూడదు అనుకునేవాళ్లకు మొదటిది. ఈ రెండిట్లో ఏది అనేది డాక్టర్‌తో మాట్లాడుకోవాల్సిన మాట.

గోలీల మధ్య ఎనిమిది గంటల దూరం ఉంటే మంచిది. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది అన్నట్టు. సౌదీ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుంది. అక్కడ దిగాక ఐదు, ఒకటి, తొమ్మిది అని సర్దుకుంటే సరిపోతుంది. తవాఫ్ రద్దీలో ఒక పూట గోలీ మరిచిపోయేవాళ్లు చాలామంది. మరిచిపోతే హార్మోన్ పట్టు సడలుతుంది, మరక కనబడవచ్చు. అందుకే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. గోలీల పట్టీని సామాను పెట్టెలో కాదు, చేతి సంచిలో ఉంచుకోండి. పెట్టె దారిలో తప్పిపోతే గోలీ కూడా పోతుంది.

డేట్ ఒక నెల 24 రోజులకు, ఇంకో నెల 40 రోజులకు వచ్చే బహెన్లకు ఈ లెక్క కుదరదు. ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియని చోట "మూడు రోజుల ముందు" అనే మాటకు అర్థమే లేదు. వాళ్లు రెండు మూడు నెలల ముందే డాక్టర్‌ను కలవాలి.

అసలు గోలీ అవసరమే రాకుండా

పై లెక్కనే ఇంకోలా చూడండి. అదే బహెన్‌కు జనవరి 25న హైజ్ వచ్చి, ఆరేడు రోజుల్లో అయిపోయి, గుసుల్ చేసుకుని ఫిబ్రవరి 2న బయలుదేరే గ్రూపులో పోయిందనుకోండి. పదిహేను రోజుల సఫర్ ముగించి 16న ఇంటికి వచ్చేస్తుంది. ఆమె తర్వాతి డేట్ ఫిబ్రవరి 21, 22. ఒక్క గోలీ కూడా అవసరం లేదు!

ఇంత తేలికైన ఇలాజ్ మన ఇళ్లలో ఎందుకు జరగదంటే, ఏజెంటుతో తేదీలు మాట్లాడేది మగవాళ్లు. వాళ్లకు లీవు, ప్యాకేజీ రేటు, తోడు వచ్చే బంధువులు గుర్తుంటారు. భార్య క్యాలెండర్ అడగరు, ఆమె షరమ్‌తో చెప్పదు. భాయిలూ, హయా ఈమాన్‌లో భాగమే. కానీ హయా పేరుతో ఆమె శరీరానికి అక్కర్లేని మందు వేయించడం హయా కాదు. పాస్‌పోర్ట్ ఏజెంటు చేతిలో పెట్టే ముందు ఇంట్లో ఆడవాళ్లను ఒక్క సవాల్ అడగండి: "ఏ వారం నీకు వీలు?" ఆ మాట చాలు, ఆమెకు అర్థమవుతుంది.

ఇంట్లో నలుగురు ఆడవాళ్లు ఉంటే అందరికీ కుదిరే వారం దొరకదు, నిజమే. అప్పుడే గోలీ మాట.

ఎవరు వేసుకోకూడదు

మందుల అంగడికి మగాడు పోయి గోలీ అడిగితే, అంగడి అతను అడగాల్సిన సవాళ్లు ఉన్నాయి. అవన్నీ వేసుకోబోయే ఆమెకు సంబంధించినవి. ఆమె అక్కడ లేదు, కాబట్టి అడిగినా జవాబు రాదు. వాటిలో ముఖ్యమైనవి చెబుతాను.

ఆమెకు గానీ, ఆమె అమ్మకు, అక్కచెల్లెళ్లకు గానీ ఎప్పుడైనా కాలి నరంలోనో, ఊపిరితిత్తిలోనో ఖూన్ గడ్డకట్టిందా? గుండెపోటు, పక్షవాతం వచ్చాయా? తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనబడే మైగ్రేన్ ఉందా? కామెర్లు, లివర్ బీమారీ ఉన్నాయా? రొమ్ము క్యాన్సర్ వచ్చిందా? డేట్‌కు డేట్‌కు మధ్యలో కారణం తెలియకుండా ఖూన్ పోతోందా? ఇప్పుడు గర్భం ఉండే అవకాశం ఉందా? వీటిలో ఒక్కదానికి "అవును" అనో, "ఏమో" అనో జవాబు వచ్చినా డాక్టర్‌ను అడగకుండా ఈ గోలీ ముట్టుకోకూడదు.

బరువు చాలా ఎక్కువగా ఉన్నవాళ్లు, ఈమధ్యే కాన్పు గానీ పెద్ద ఆపరేషన్ గానీ అయినవాళ్లు, బీపీ, షుగర్, ఫిట్స్ ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు ఈ సంగతి డాక్టర్‌కు విప్పి చెప్పాలి. వేరే మందులు వాడుతున్నవాళ్లు కూడా. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ లాంటివి ఈ గోలీ బలాన్ని తగ్గించేస్తాయి. టీబీ కోర్సులో ఉన్న బహెన్ గోలీలు లెక్క తప్పకుండా వేసుకున్నా హైజ్ వచ్చేయవచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట, ఇది భార్యాభర్తలిద్దరికీ. హైజ్ ఆపుతుంది కాబట్టి పిల్లలు కాకుండా కూడా ఆపుతుందని కొందరు అనుకుంటారు. లేదు. ఇలా కొన్ని రోజులు వాడే ఈ గోలీని గర్భం రాకుండా కాపాడే మాత్రగా నమ్ముకోకూడదు. గోలీ ఆపి వారం దాటినా హైజ్ రాకపోతే ముందు గర్భ పరీక్ష చేసుకోవాలి.

చిన్న తక్లీఫ్‌లు చాలామందికి వస్తాయి: కడుపు ఉబ్బరం, రొమ్ముల నొప్పి, వికారం, తలనొప్పి, చిరాకు. ఆపాక వచ్చే హైజ్ కొందరికి మామూలు కంటే ఎక్కువగా పోతుంది. ఇవి ముందే తెలిస్తే భయం ఉండదు. కావాలంటే డాక్టర్ సలహాతో ఈ గోలీని ఇంటి దగ్గర ఉన్నప్పుడే ఒక నెల వాడి చూసుకోవచ్చు. శరీరానికి పడుతుందో లేదో హరమ్‌లో కాకుండా ఇంట్లోనే తెలుస్తుంది.

ఖూన్ గడ్డ: భయం ఎంత, జాగ్రత్త ఎంత

ఈ గోలీ గురించి అసలు ఫిక్ర్ చేయాల్సింది ఇక్కడే. నోరెథిస్టెరాన్‌లో కొంత భాగం మన శరీరంలో ఈస్ట్రోజెన్ రకం హార్మోన్‌గా మారిపోతుంది. గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయాల్ అదే. తక్కువ మోతాదులో అది లెక్కలోకి రానంత. కానీ రోజుకు 15 మిల్లీగ్రాములు వేసుకున్నప్పుడు అది పట్టించుకోవాల్సినంత అవుతుంది. ఈస్ట్రోజెన్ ఖూన్‌కు గడ్డకట్టే గుణాన్ని కొద్దిగా పెంచుతుంది. అందుకే గడ్డల ఖతరా ఉన్నవాళ్లకు డాక్టర్లు దీని బదులు మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ అనే వేరే మందు ఆలోచిస్తారు. అది ఇలా మారదు. అంగడిలో "ఏదో ఒకటి" అని తెచ్చుకుంటే ఈ తేడా ఎవరు చూస్తారు?

దీనికి సఫర్ తోడవుతుంది. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాలి నరాల్లో ఖూన్ గడ్డకట్టే అవకాశం దాదాపు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ఆ రెట్టింపు కూడా ఆరోగ్యంగా ఉన్న మనిషికి వేలల్లో ఒకరికే. కాబట్టి గోలీ వేసుకున్న ప్రతి బహెన్‌కూ ఏదో అయిపోతుందని కాదు. కానీ మన సఫర్ లెక్క చూడండి. ఏర్పేడు నుంచి శ్రీకాళహస్తి మీదుగా చెన్నై వరకు కారులో, ఎయిర్‌పోర్టులో గంటల ఎదురుచూపు, జిద్దాకు నేరుగా పోయినా దాదాపు ఆరు గంటల విమానం, అక్కడి నుంచి మక్కాకు బస్సు. ఇంత కూర్చోవడం మీద గోలీ, దాని మీద దారిలో పదే పదే బాత్రూమ్‌కు పోవాల్సి వస్తుందని నీళ్లు తాగకపోవడం. మన ఆడవాళ్లు సఫర్‌లో నీళ్లు మానేస్తారు, ఇది అందరికీ తెలిసిన సంగతే. నీళ్లు తాగండి. గంట గంటకు లేచి నడవండి. లేవలేకపోతే కూర్చున్న చోటే మడమలు ఎత్తి దించుతూ పిక్కలకు పని చెప్పండి.

2025లో ఒక రక్తనాళాల డాక్టర్ ఒక పాడ్‌కాస్ట్‌లో చెప్పిన కేసు దేశమంతా తిరిగింది. పద్దెనిమిదేళ్ల అమ్మాయి. ఇంట్లో పూజ ఉందని మూడు రోజులు హార్మోన్ మాత్రలు వేసుకుంది. కాలు, తొడ నొప్పి, వాపు అని వచ్చింది. స్కాన్‌లో ఖూన్ గడ్డ పైన బొడ్డు దాకా పాకి ఉంది. వెంటనే చేర్చమని డాక్టర్ తండ్రికి చెబితే, పొద్దున వాళ్లమ్మ వచ్చాక చూస్తామన్నాడట. ఆ రాత్రే ఆ బిడ్డ పోయింది. ఒక కేసు చూసి మందు మొత్తాన్ని తప్పు పట్టలేం. కానీ వాపు కనబడ్డాక ఒక్క రాత్రి ఆగడం ఎంత ఖరీదో ఆ కేసు చెబుతుంది.

మక్కాలో ఈ గుర్తింపు ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ అందరికీ కాళ్లు నొప్పులే. సఫా మర్వాల మధ్య సయీ ఒక్కటే మూడు కిలోమీటర్ల పైన నడక. మరి ఏది అలసట, ఏది గడ్డ? అలసట నొప్పి రెండు కాళ్లలోనూ ఉంటుంది, రాత్రి పడుకుని లేస్తే తగ్గుతుంది. గడ్డ నొప్పి ఎక్కువగా ఒక్క కాలికే వస్తుంది. ఆ పిక్క రెండోదానికంటే లావుగా, వేడిగా, ఎర్రగా ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి, పడుకున్నా తగ్గదు. రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒకటి ఉబ్బి ఉంటే గోలీ ఆపి ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఇక ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గితే ఖూన్, ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పడం కనబడితే గంట కూడా ఆగొద్దు. అక్కడి డాక్టర్‌కు మొదటి మాటగా "ఈ హార్మోన్ గోలీ వేసుకుంటున్నా" అని చెప్పి పట్టీ చూపించండి. ఇంటికి వచ్చిన తర్వాత కొన్ని వారాల వరకు కూడా ఈ గుర్తులను తేలిగ్గా తీసుకోవద్దు.

గ్రూపులో మగవాళ్లతో ఉన్నాం, కాలు చూపించడం షరమ్ అని దాచుకునే బహెన్లకు నేను చెప్పేది ఒక్కటే. జాన్ కాపాడుకోవడం దీన్ అడిగే మొదటి విషయాల్లో ఒకటి.

గోలీ వేసుకున్నా హైజ్ వచ్చేస్తే

వస్తుంది, కొందరికి. సమయానికి మొదలుపెట్టకపోవడం, ఒక పూట మరిచిపోవడం, వాంతులు, వేరే మందు, లేదా ఏ కారణం కనబడకుండా. అప్పుడు ఖంగారులో రెండు రెండు గోలీలు మింగేస్తారు కొందరు. ఇది నేను గట్టిగా వద్దనే మాట. డాక్టర్ చెప్పని మోతాదు పెంచితే ఈస్ట్రోజెన్ కూడా దాంతో పాటే పెరుగుతుంది. తవాఫ్ దొరుకుతుందో లేదో తెలియదు, ఖతరా మాత్రం పెరుగుతుంది.

ఇక్కడ మనం మరిచిపోయే సంగతి ఒకటుంది. హిజ్రీ 10లో ప్రవక్త (స) హజ్‌కు పోతున్నప్పుడు దారిలో మక్కా దగ్గర సరిఫ్ అనే చోట ఆయిషా (రజి)కు హైజ్ వచ్చింది. ఆమె ఏడ్చారు. ప్రవక్త (స) ఆమెను నిందించలేదు. ఇది ఆదమ్ కూతుళ్లందరికీ అల్లాహ్ రాసిన సంగతని ఓదార్చి, పాక్ అయ్యేవరకు కాబా తవాఫ్ తప్ప హాజీలు చేసేవన్నీ చేయమన్నారు. ఆమె హజ్ పోలేదు. తర్వాత అన్న అబ్దుర్రహ్మాన్‌ను తోడిచ్చి తన్‌యీమ్ నుంచి ఉమ్రా కూడా చేయించారు. సఫియా (రజి)కు హజ్ ముఖ్య తవాఫ్ అయ్యాక హైజ్ వస్తే, వీడ్కోలు తవాఫ్ లేకుండానే బయలుదేరే రుఖ్సత్ దొరికింది.

అంటే ఉమ్రాకు పోయే బహెన్‌కు హైజ్ ఉన్నా మీఖాత్ దగ్గర నియ్యత్ చేసుకుని ఇహ్రామ్‌లోకి వెళ్లవచ్చు. మక్కాలో ఇహ్రామ్ నిబంధనలు పాటిస్తూ ఆగి, పాక్ అయ్యాక గుసుల్ చేసి తవాఫ్, సయీ చేసుకోవచ్చు. మధ్యలో తల్బియా, జిక్ర్, దువా, దరూద్ అన్నీ ఆమెకు ఉన్నాయి. గోలీ మధ్యలో అక్కడక్కడా మరక కనబడితే అది హైజా, ఇస్తిహాజానా, తవాఫ్ చెల్లుతుందా అనేది మీ మస్లక్ ప్రకారం బయలుదేరక ముందే ఆలిమ్‌ను అడిగి కాగితం మీద రాసుకోండి. అక్కడికి పోయాక పది మంది పది మాటలు చెబుతారు.

తిరిగి వచ్చే తేదీ దగ్గర పడి, ఉమ్రా ఇంకా కాలేదు అనే ఇబ్బంది నిజమైనది. అందుకే గోలీకి చోటు ఉంది. కానీ ఆ గోలీ ఆసరా మాత్రమే, ఆమె ఇబాదత్ దాని మీద నిలబడి లేదు.

హజ్, రంజాన్ సంగతి

హజ్ కమిటీ ద్వారా పోయే సఫర్ మామూలుగా దాదాపు నలభై రోజులు. పద్నాలుగు రోజుల హద్దున్న మందుతో నలభై రోజులు ఆపాలనుకోవడం లెక్కకే కుదరదు. అక్కడ చూడాల్సింది జిల్‌హజ్ 10 నుంచి 12 వరకు తవాఫె జియారత్ చేసే రోజులు. డేట్ ఆ రోజుల మీద పడేలా ఉంటే దాని చుట్టూ కొన్ని రోజులకే డాక్టర్ మందు ఇస్తారు. అరఫాత్, ముజ్దలిఫా, రమీ, ఖుర్బానీకి హైజ్ అడ్డం కాదు.

రంజాన్‌లో ముప్పై రోజాలు విడవకుండా ఉండాలని ఈ గోలీ వాడేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. ముప్పై రోజులు ఈ మందు హద్దుకు రెండింతలు. రోజుకు మూడు సార్లు ఎనిమిది గంటల దూరంలో వేసుకోవాల్సిన గోలీని సెహ్రీకి, ఇఫ్తార్‌కు, పడుకునే ముందు అని సర్దితే పగలంతా పదమూడు గంటలకు పైగా ఖాళీ పడుతుంది, మరక కనబడే అవకాశం పెరుగుతుంది. పైగా ఉమ్రాలో ఉన్న తొందర ఇక్కడ లేదు. విడిచిన రోజాలకు ఖజా ఉంది, తర్వాత ఇంట్లోనే పెట్టుకోవచ్చు. విడిచిన నమాజులకు ఖజా కూడా అడగలేదు. దీన్ ఇచ్చిన ఆసానీని మనమే మందుతో ఎందుకు కఠినం చేసుకోవాలి?

పోయే ముందు

తేదీ ఖాయం చేసుకునే ముందే పోయిన మూడు నాలుగు నెలల హైజ్ తేదీలు రాసుకోండి. సఫర్‌కు నెల ముందు ఆ కాగితం తీసుకుని ఆమె స్వయంగా డాక్టర్ దగ్గరికి పోవాలి. ఖర్చు ఫిక్ర్ ఉంటే తిరుపతిలో ప్రభుత్వ మెటర్నిటీ ఆసుపత్రి, శ్రీకాళహస్తిలో ఏరియా ఆసుపత్రి ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా గడ్డలు, పక్షవాతం వచ్చి ఉంటే, వాడుతున్న మందులు ఏవైనా ఉంటే అడగకపోయినా చెప్పండి. డాక్టర్ చీటీని ఫోన్‌లో ఫొటో తీసి, కాగితాన్ని పాస్‌పోర్ట్‌తో పాటు ఉంచుకోండి. గోలీ ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపాలి అన్న రెండు తేదీలు తోడు వచ్చే మెహ్రమ్‌కు కూడా తెలిసి ఉండాలి. హైజ్ వచ్చేస్తుందేమో అనుకుని ప్యాడ్లు కూడా సర్దుకోండి. మీ కోసం కాకపోయినా, గ్రూపులో ఎవరో ఒక బహెన్ రాత్రి పూట తలుపు తట్టి అడుగుతుంది.

అల్లాహ్ అందరి సఫర్‌నూ, అందరి తవాఫ్‌నూ ఖబూల్ చేయుగాక. ఆమీన్.